ఆవకాయ జీడీపీలో ఉందట, అన్నం లేదట. నిజమేనా?

సుజాత_నల్లకుంట (శనివారం, రాత్రి 9:40)

మూడేళ్ళు ఇంట్లో ఉండి జూన్‌లో మళ్ళీ ఉద్యోగంలో చేరాను. జీతం నెలకు 32,000. పాప వయసు రెండున్నర. నేను వెళ్ళడం మొదలుపెట్టాక ఇంట్లో కొత్తగా వచ్చిన ఖర్చులు ఇవి: పాపను ఉంచే డేకేర్‌కి 7,000, గిన్నెలు తోమి ఇల్లు తుడిచే ఆవిడకు 2,500, ఆటోకి 2,000. పని రోజుల్లో సాయంత్రం వంట చేసే ఓపిక లేక కర్రీ పాయింట్ నుంచి రోజుకు 120 పెట్టి రెండు కూరలు తెచ్చుకుంటున్నాం. అవే కూరలు ఇంట్లో చేస్తే సరుకులకు ఓ 60 అయ్యేది.

నిన్న టీవీలో జీడీపీ వృద్ధి గురించి చర్చ నడుస్తుంటే మా ఆయన నవ్వుతూ "నువ్వు ఉద్యోగానికి వెళ్ళడం వల్ల దేశం ఎంత ముందుకెళ్ళిందో లెక్క తీద్దామా" అన్నారు. నాకు నవ్వు రాలేదు. జూన్‌కి ముందు కూడా నేను పొద్దున ఐదున్నర నుంచి రాత్రి పది దాకా పని చేస్తూనే ఉన్నాను. అప్పుడు దేశం లెక్కలో నేను సున్నానా? ఇప్పుడు ఎంత? తెలిసినవాళ్ళు చెప్పండి. ఉపన్యాసాలు వద్దు, నా అంకెలతోనే చెప్పండి.

గ్రూప్స్_కుర్రాడు (శనివారం, రాత్రి 10:02)

మేడమ్, చాలా సింపుల్. జీడీపీలో మార్కెట్‌లో అమ్ముడైనవే లెక్కిస్తారు. డబ్బు చేతులు మారాలి. ఇంట్లో చేసే పనికి డబ్బు లేదు కాబట్టి సున్నా. ఇప్పుడు మీ జీతం 32,000 కలిసింది. డేకేర్‌కి, పనావిడకి ఇచ్చేది ఆ జీతంలోంచే కదా, దాన్ని మళ్ళీ కలిపితే రెండుసార్లు లెక్కించినట్టు. కాబట్టి జవాబు 32,000.

మూర్తి_విశ్రాంత (ఆదివారం, ఉదయం 6:15)

నేను ఆర్థిక గణాంక శాఖలో ముప్ఫై ఏళ్ళు పనిచేసి రిటైరైనవాడిని. తమ్ముడు చెప్పినదాంట్లో రెండు చోట్ల సరిచేయాలి.

మొదటిది, అమ్మితేనే లెక్క అన్నది. నా ఉద్యోగంలో సగం రోజులు పంటకోత ప్రయోగాల్లోనే గడిచాయి. చేలో ఐదు మీటర్లకు ఐదు మీటర్ల ముక్క కొలిచి, తాడు కట్టి, కోయించి, నూర్పించి, గింజలు తూకం వేస్తాం. ఎకరాకు ఎంత పండిందో అలా తేలుతుంది. ఆ రైతు బస్తాలు అమ్మాడా, ఇంటి గాదెలో పోసుకున్నాడా అని మేము అడిగి తీసేయం. పండిందంతా ఉత్పత్తే. ఇంట్లో తాగే పాలు కూడా అంతే. సొంతింట్లో ఉంటే మీకు మీరే అద్దె కట్టుకుంటున్నట్టు ఊహించి ఆ అద్దెను కూడా కలుపుతారు. ఒక్క రూపాయి చేతులు మారకపోయినా సరే.

అంటే గీత గీసింది డబ్బు దగ్గర కాదు. వస్తువు చేస్తే, మీ ఇంటి వాడకానికైనా సరే, లోపల. సేవ చేస్తే, అదీ మీ ఇంటివాళ్ళ కోసం జీతం లేకుండా చేస్తే, బయట. వడ్లు లోపల, ఆ బియ్యం వండిన అన్నం బయట. అంతర్జాతీయ నియమాల పుస్తకంలో పళ్ళూ మాంసమూ నిలవ పెట్టుకోవడం, వెన్న తీయడం, ఆఖరికి బిందెతో నీళ్ళు మోసుకురావడం కూడా ఉత్పత్తి కిందే రాశారు. ఆ లెక్కన వేసవిలో మీరు పెట్టే ఆవకాయ సూత్రప్రకారం జీడీపీలో ఉండాలి. అదే చేత్తో వండిన పప్పు ఉండదు.

రెండోది, రెండుసార్లు లెక్క అన్నది. డబ్బు ప్రయాణాన్ని కాదు మనం కొలిచేది, జరిగిన పనిని. ఆఫీసులో సుజాతగారు చేసేది ఒక పని. డేకేర్‌లో ఆయా చేసేది ఇంకో పని. ఒకరి జీతం ఇంకొకరి ఫీజుగా మారినంత మాత్రాన రెండు పనులు ఒకటైపోవు. రెండూ కలుస్తాయి.

ఆదివారం కాబట్టి టిఫిన్ అయ్యాక కూర్చుని మీ అంకెలు వేస్తాను.

భాస్కర్_కర్రీస్_బెజవాడ (ఆదివారం, ఉదయం 8:30)

ఏంటండీ, అందరూ కర్రీ పాయింట్ల మీద పడ్డారు? 120కి రెండు కూరలు అంటే మీకు ఎక్కువ అనిపిస్తోందా? నూనె రేటు చూశారా? గ్యాస్ బండ, మనిషికి కూలి, షాపు అద్దె, కవర్లు. ఇంట్లో 60 అవుతుందంటున్నారు, ఆ 60లో మీ కష్టం కలిపారా? కలపలేదు. మాకు మాత్రం కలపక తప్పదు.

సుజాత_నల్లకుంట (ఆదివారం, ఉదయం 8:41)

భాస్కర్‌గారూ, మీ రేటు మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు. పైగా మీరు నా ప్రశ్ననే నాకంటే బాగా అడిగారు. ఆ 60లో నా కష్టం కలపలేదు, నిజమే. అదే కదా గొడవ.

మూర్తి_విశ్రాంత (ఆదివారం, ఉదయం 10:20)

ఇదిగోండి లెక్క. నెలకు 26 పని దినాలు అనుకుందాం.

మీ జీతం 32,000 పూర్తిగా కలుస్తుంది. మీ కంపెనీ సృష్టించిన విలువలో అది మీ వాటా. డేకేర్ 7,000 కలుస్తుంది. పనావిడకు ఇచ్చే 2,500 కూడా కలుస్తుంది. జీతం తీసుకుని ఇంటి పని చేస్తే ఆ జీతమే ఉత్పత్తి విలువ. కర్రీ పాయింట్‌లో 120 అంతా కొత్తది కాదు. వంకాయలూ నూనే మీరూ కొనేవారు కదా, అది 60. మిగిలిన 60ని ఉజ్జాయింపుగా భాస్కర్‌గారు కలిపిన విలువ అనుకుందాం. 26 రోజులకు 1,560. ఆటో 2,000లో ఇంధనంలో చాలా భాగం బయటి దేశపు చమురు కాబట్టి ఉజ్జాయింపుగా 1,500 వేస్తున్నాను. మొత్తం 44,560.

అంటే మీరు ఇంట్లోంచి బయటికి అడుగు పెట్టగానే నెలకు దాదాపు నలభై నాలుగున్నర వేలు జీడీపీ పెరిగినట్టు.

మరి మీ ఇంటికి? 32,000లోంచి 7,000, 2,500, 1,560, 2,000 తీసేస్తే మిగిలేది 18,940. తీసేసిన ఆ 13,060లో మోసం ఏమీ లేదు. ఆయాకు, పనావిడకు, ఆటో అతనికి దక్కిన ఆదాయం అది, వాళ్ళకు నిజమైన ఆదాయమే. కానీ ఒక పని చేయడం మర్చిపోయాం. జూన్‌కి ముందు పాపను చూడటం, గిన్నెలు, వంట, ఇవన్నీ జరిగేవి. ఇప్పుడూ జరుగుతున్నాయి. చేసే చేతులు మారాయి. పాతవి ఆగిపోయినందుకు తీసివేయాల్సింది ఏమీ లేదు, ఎందుకంటే పాతవాటిని ఎప్పుడూ కలపలేదు. అందుకే పెరుగుదల ఉన్నదానికంటే పెద్దగా కనిపిస్తోంది. ఆటో సంగతి ఇంకా చిత్రం. అది మీకు ఉద్యోగం చేయడానికి అయ్యే ఖర్చు. లెక్కలో మాత్రం మీరు సినిమాకి వెళ్ళినా ఆఫీసుకి వెళ్ళినా ఒకటే, మీరు అనుభవించిన సేవ.

ఇంకో షరతు. మీ పనావిడ ఇంకో ఇల్లు మానేసి మీ ఇంటికి వచ్చి ఉంటే ఆ 2,500 దేశం మొత్తం మీద కొత్తది కాదు.

సుజాత_నల్లకుంట (ఆదివారం, ఉదయం 10:48)

18,940. మా ఆయనకు చూపించాను. ఈసారి ఆయన నవ్వలేదు :)

ఒకటి చెప్పనా. మా డేకేర్ ఆయాకు నాలుగేళ్ళ బాబు ఉన్నాడు. వాడిని వాళ్ళ అమ్మమ్మ చూసుకుంటుంది. ఆ అమ్మమ్మది మళ్ళీ సున్నా.

వెంకట్_డబ్లిన్ (ఆదివారం, మధ్యాహ్నం 1:15)

నేను కొంచెం ఎదురు వాదన చేస్తాను, తిట్టకండి. ఇంటి పనిని జీడీపీలో కలపకపోవడానికి కారణం ఆడవాళ్ళంటే చిన్నచూపు మాత్రమే కాదు. ఆ అంకెను వాడేవాళ్ళు వేరే పనులకు వాడతారు. పన్నులు ఎంత వస్తాయి, వడ్డీ రేటు పెంచాలా, ఈ ఏడాది మాంద్యం వచ్చిందా అని. మాంద్యంలో ఉద్యోగాలు పోయి జనం ఇంట్లో వండుకోవడం మొదలుపెడితే, ఆ వంటను కలిపేస్తే మాంద్యమే కనపడదు. ఇంటి పని చేసేవాళ్ళందరూ ఉత్పత్తిలో ఉన్నట్టే అయితే నిరుద్యోగి అనేవాడే ఉండడు. థర్మామీటర్ బరువు చూపించట్లేదని తిడితే ఎలా?

అలాగని దాన్ని గుడ్డిగా నమ్మమనను. నేను ఉంటున్న ఐర్లండ్‌లో 2015లో జీడీపీ ఒక్క ఏడాదిలో 26 శాతం పెరిగిందని ప్రకటించారు. ఆ ఏడాది పెద్ద బహుళజాతి కంపెనీలు తమ పేటెంట్ల లాంటి ఆస్తులను ఇక్కడి పుస్తకాల్లోకి మార్చుకున్నాయి. వీధిలో జనానికి ఏమీ తెలియలేదు. చివరికి ఇక్కడి గణాంక సంస్థ అలాంటి మార్పుల ప్రభావం తీసేసి వేరే అంకె తయారు చేసుకోవాల్సి వచ్చింది.

గ్రూప్స్_కుర్రాడు (ఆదివారం, మధ్యాహ్నం 1:40)

ఐర్లండ్ సంగతేమో కానీ మన తెలంగాణ తలసరి ఆదాయం 2023-24కి సుమారు 3.47 లక్షలు. ఆంధ్ర 2.42 లక్షలు. కాబట్టి ఇక్కడ జనం బాగున్నట్టే కదా. ఇది నిజమైన అభివృద్ధే.

సుజాత_నల్లకుంట (ఆదివారం, మధ్యాహ్నం 1:52)

మా ఇంట్లో అత్తగారితో కలిపి నలుగురం. అంటే ఏడాదికి 13.9 లక్షలు రావాలి. మిగతాది ఎవరింట్లో ఉందో చెప్తే వెళ్ళి తెచ్చుకుంటాం.

మూర్తి_విశ్రాంత (ఆదివారం, మధ్యాహ్నం 2:30)

సగటు అంతే అమ్మా. ఐటీ కంపెనీలన్నీ ఉన్న రంగారెడ్డి జిల్లా తలసరి 9 లక్షలు దాటింది. ఆనుకునే ఉన్న వికారాబాద్‌ది అందులో పావు వంతు కూడా లేదు. పైగా రంగారెడ్డి అంకె అంటే అక్కడ ఉత్పత్తి అయినది, అక్కడ కాపురం ఉన్నవాళ్ళ చేతికి వచ్చినది కాదు. కంపెనీ లాభం ముంబయికో అమెరికాకో పోయినా జిల్లా లెక్కలో అక్కడే ఉంటుంది.

రెండు రాష్ట్రాల పోటీ మాత్రం దయచేసి ఇక్కడ మొదలుపెట్టకండి, ఆ దారాలు వేరే ఉన్నాయి.

వెంకట్‌గారి వాదన కొట్టిపారేసేది కాదు. ఈ లెక్కలకు తొలి రూపం ఇచ్చిన సైమన్ కుజ్‌నెట్స్ 1934లో అమెరికా సెనేట్‌కి ఇచ్చిన నివేదికలోనే గృహిణుల పనిని వదిలేస్తున్నానని చెప్పి కారణం కూడా రాశాడు. దాని విలువ కట్టడానికి నమ్మదగ్గ ఆధారం లేదని. అదే నివేదికలో జాతీయాదాయం చూసి ఒక దేశపు సంక్షేమాన్ని అంచనా వేయలేమని కూడా హెచ్చరించాడు. అదే 1934లో మార్గరెట్ రీడ్ అనే ఆవిడ ఇంటి పనిలో ఉత్పత్తి ఏదో తేల్చే పరీక్ష ఒకటి చెప్పింది. ఆ పనిని జీతానికి ఇంకొకరితో చేయించుకోగలరా? గలిగితే అది ఉత్పత్తే. మీ పప్పు భాస్కర్‌గారు వండగలరు కాబట్టి ఉత్పత్తి. మీ బదులు ఆయన తినలేరు కాబట్టి తినడం కాదు.

అడ్వకేట్_పద్మజ (ఆదివారం, సాయంత్రం 5:05)

విలువ కట్టడం కష్టం అని గణాంకాల వాళ్ళు అంటుంటే నాకు నవ్వొస్తుంది. మేము కోర్టులో రోజూ కడుతున్నాం. నేను మోటారు ప్రమాదాల నష్టపరిహారం కేసులు చూస్తాను. గృహిణి చనిపోతే ఆమె "ఆదాయం" ఎంత అని ట్రిబ్యునల్ ఏదో ఒక అంకె వేయాల్సిందే. ఆధారం లేదు, సున్నా అని వదిలేయడానికి వీల్లేదు.

1989 మార్చి 3న జంషెడ్‌పూర్‌లో ఒక ఉత్సవంలో మంటలు రేగి చాలామంది చనిపోయారు, అందులో గృహిణులూ ఉన్నారు. ఆ కేసులో 2001లో సుప్రీంకోర్టు గృహిణి సేవల విలువ నెలకు 3,000 అని కట్టింది. వయసు మళ్ళిన ఆడవాళ్ళకు ఇంకా తక్కువ, ఏడాదికి 20,000. మోటారు వాహనాల చట్టంలో 1994లో చేర్చిన పట్టికలో ఇంకో దారి ఉండేది. సంపాదన లేని భార్య ఆదాయం అంటే భర్త సంపాదనలో మూడో వంతు. అంటే కలెక్టరుగారి భార్య వండిన పప్పు గుమాస్తా భార్య వండిన పప్పు కంటే ఎన్నో రెట్లు ఖరీదు!

2021 జనవరి తీర్పులో మన జస్టిస్ ఎన్.వి. రమణగారు విడిగా రాసిన భాగం చదవండి. జాతీయ సమయ వినియోగ సర్వే అంకెలు ఎత్తి చూపించారు. 2019లో, ఇంటి పని చేసే ఆడవాళ్ళు దానికి రోజుకు సగటున 299 నిమిషాలు పెడుతున్నారు, మగవాళ్ళు 97. గృహిణికి ఊహాత్మక ఆదాయం కట్టడం ఆ పనికి ఇచ్చే గుర్తింపు అన్నారు. కానీ ఏ సూత్రంతో కట్టాలో ఒకే దారి అని తేల్చలేదు. మేము ఇప్పటికీ ఒక్కో కేసులో ఒక్కోలా వాదిస్తున్నాం. చనిపోయాకే విలువ కడుతున్నారన్నది వేరే బాధ.

మూర్తి_విశ్రాంత (ఆదివారం, రాత్రి 7:10)

మేడమ్, మీ పప్పు ఉదాహరణే మా తలనొప్పి కూడా. సుజాతగారి అంకెలతోనే చూడండి.

ఒక దారి: ఆమె మానేసిన పనిని కొనుక్కుంటే ఎంత? డేకేర్ 7,000, పనావిడ 2,500, ఇంటికి వచ్చి వండే మనిషికి ఓ 4,000 అనుకుందాం. 13,500.

ఇంకో దారి: ఆ సమయంలో ఆమె బయట సంపాదించేది ఎంత? 32,000ను 26 రోజులతో, రోజుకు 8 గంటలతో భాగిస్తే గంటకు దాదాపు 154. ఇంట్లో పని రోజుకు 5 గంటలే, 30 రోజులు అనుకుందాం. 23,100.

అదే వంట, అదే పాప. ఒక దారిలో 13,500, ఇంకో దారిలో 23,100. ఇక వాళ్ళ అత్తగారు చేస్తే, ఆవిడకు బయట ఉద్యోగం రాదు కాబట్టి రెండో దారిలో దాదాపు సున్నా. నా ఓటు మొదటి దారికి. కానీ ఏది వాడినా మొత్తం దేశానికి వేస్తే అంకె జీడీపీలో పెద్ద ముక్క అవుతుంది, దారి మారితే ఆ ముక్క సైజూ మారిపోతుంది. అందుకే జీడీపీలో కలపకుండా పక్కన వేరే ఖాతాగా వేయండి అన్నది ఇప్పుడు అంతర్జాతీయంగా నడుస్తున్న మాట. నాకూ అదే సబబు అనిపిస్తుంది.

వెంకట్_డబ్లిన్ (ఆదివారం, రాత్రి 7:25)

పక్క ఖాతా అయితే నాకు అభ్యంతరం లేదు.

అడ్వకేట్_పద్మజ (ఆదివారం, రాత్రి 7:31)

పక్క ఖాతాను ఎవరు చూస్తారండీ? టీవీలో చర్చ ఎప్పుడూ మొదటి ఖాతా మీదే.

పెన్న_ఒడ్డు (ఆదివారం, రాత్రి 9:00)

మాది అనంతపురం జిల్లా. మీరంతా లెక్కలోకి రానివాటి గురించి మాట్లాడుతున్నారు. నాది తిరగేసిన బాధ. లెక్కలోకి వచ్చిందే నన్ను ముంచింది.

చీనీ తోట బతికించుకోవడానికి మా నాయన మూడు బోర్లు వేయించినాడు. మొదటిది 700 అడుగులు, దుమ్ము తప్ప ఏమీ లేదు. రెండోది 850, అదీ అంతే. మూడోది 1,000 అడుగులకు పోతే ఇంచున్నర నీళ్ళు పడినాయి. రెండేళ్ళు వచ్చి ఎండిపోయింది. కేసింగు పైపులూ మోటారూ కలిపి నాలుగు లక్షలు పైనే అయింది. తోట పోయింది, అప్పు ఉంది. ఇప్పుడు నేను బెంగళూరులో ఉద్యోగం చేసి కడుతున్నా. ఈ మూడు బోర్లు జీడీపీలో ఉన్నాయా సార్?

మూర్తి_విశ్రాంత (ఆదివారం, రాత్రి 9:35)

ఉన్నాయి నాయనా. బోరు బండి అతని పని ఉత్పత్తి. మీ నాయన పెట్టిన ఖర్చు పెట్టుబడి కింద రాస్తారు, భూమి మీద ఆస్తి ఏర్పడినట్టు. నీళ్ళు పడ్డాయా లేదా అన్న గడి ఆ లెక్కలో లేదు.

జీడీపీ అంటే స్థూల దేశీయోత్పత్తి, ఆ పేరులో "స్థూల" అన్న మాట ఉంది చూడండి, దానర్థం అరుగుదల తీసేయలేదని. మోటారు కాలిపోయినా, బోరు ఎండినా ఆ తరుగు స్థూల లెక్కలో కనపడదు. అరుగుదల తీసేసి వేసే నికర లెక్క కూడా ఒకటి ఉంది కానీ ఎవరూ పట్టించుకోరు. అందులో అయినా తీసేసేది మనిషి చేసిన ఆస్తుల అరుగుదలే. కింద నీళ్ళు 200 అడుగుల నుంచి 1,000కి దిగిపోతే ఆ నష్టం ఇంతకాలం నికర లెక్కలోనూ లేదు. నీళ్ళు దిగేకొద్దీ లోతైన బోర్లు, పెద్ద మోటార్లు. ఉత్పత్తి పెరుగుతూనే ఉంటుంది.

2025 మార్చిలో ఐక్యరాజ్యసమితి గణాంక సంఘం ఆమోదించిన కొత్త నియమాల్లో ప్రకృతి వనరులు తరిగిపోవడాన్ని ఉత్పత్తి ఖర్చుగా రాయమన్నారు. అంటే నికర లెక్కలో తగ్గుతుంది. స్థూల లెక్క మాత్రం అలాగే ఉంటుంది. మన ఊళ్ళ కింద తగ్గిన నీటికి రూపాయల్లో ధర ఎవరు కడతారు, ఎలా కడతారు అన్నది నాకైతే ఇంకా కనపడటం లేదు.

పెన్న_ఒడ్డు (ఆదివారం, రాత్రి 9:41)

మా నాయన ఆస్తి ఏర్పరిచినాడా! ఈ మాట ఆయనకు చెప్పను సార్.

భాస్కర్_కర్రీస్_బెజవాడ (ఆదివారం, రాత్రి 11:20)

షాపు కట్టేసి ఇప్పుడే అంతా చదివాను. మూర్తిగారూ, నాదొక డౌటు. నేను కలిపిన 60 రూపాయలు జీడీపీలో పడతాయన్నారు. నేను బిల్లు ఇవ్వను, నా దగ్గర ఖాతా పుస్తకం కూడా సరిగ్గా లేదు. ప్రభుత్వానికి నా 60 ఎలా తెలుసు?

మూర్తి_విశ్రాంత (సోమవారం, ఉదయం 6:05)

భలే అడిగారు. మీ 60 విడిగా ఎవరికీ తెలియదు. మీలాంటి చిన్న వ్యాపారాలను కొన్నిటిని సర్వే చేసి, ఒక్కో పనివాడి మీద ఎంత విలువ వస్తోందో తీసి, అలాంటి పనివాళ్ళు దేశంలో ఎంతమంది ఉన్నారో దానితో హెచ్చిస్తారు.

చిక్కు ఎక్కడంటే ఆ సర్వే ఏటా జరిగేది కాదు. 2011-12 ఆధార సంవత్సరంగా వేసిన లెక్కలకు ఆధారం 2010-11 సర్వే. తర్వాతి ఏళ్ళకు ఏం చేశారంటే, లెక్కలు దొరికే కంపెనీలూ పన్నుల వసూళ్ళూ ఎలా పెరిగాయో చూసి, చాలా రంగాల్లో చిన్నవాళ్ళూ దాదాపు అలాగే పెరిగి ఉంటారనుకున్నారు. మామూలు రోజుల్లో అది నడుస్తుంది. పెద్దవాళ్ళు పెరిగి చిన్నవాళ్ళు పడిపోయిన ఏడాదిలో అది తప్పుతుంది, తప్పినట్టు కూడా తెలియదు.

2016 నవంబరులో మీ షాపు సంగతి గుర్తుందా?

భాస్కర్_కర్రీస్_బెజవాడ (సోమవారం, ఉదయం 6:40)

గుర్తులేకపోవడం ఏంటండీ. నోట్ల రద్దు అయ్యాక చిల్లర లేక, కూరగాయల మార్కెట్‌లో అరువు పుట్టక ఇరవై రెండు రోజులు మూసేశాను. ఒక కుర్రాడు ఊరెళ్ళిపోయాడు, మళ్ళీ రాలేదు.

మూర్తి_విశ్రాంత (సోమవారం, ఉదయం 7:02)

ఆ 2016-17 ఏడాదికి వృద్ధి మొదట 7.1 శాతం అన్నారు. తర్వాత సవరించి 8 దాటించారు. మీ ఇరవై రెండు రోజులు అందులో ఎంత కనపడ్డాయో మీరే ఊహించుకోండి. అధికారుల పక్షాన ఒక మాట చెప్పాలి, కావాలని దాచారని నేను అనుకోను. చేతిలో ఉన్న దాంతోనే వేశారు. 2021-22 నుంచి చిన్న వ్యాపారాల సర్వే ఏటా జరుగుతోంది కాబట్టి ఇకమీదట ఈ గుంత కొంత పూడాలి.

వెంకట్_డబ్లిన్ (సోమవారం, ఉదయం 11:30)

ఒక్క ఏడాది సవరణ చూసి అంత నిర్ధారణకు రావడం తొందరపాటు కాదా? సవరణలు ప్రతి దేశంలోనూ ఉంటాయి.

మూర్తి_విశ్రాంత (సోమవారం, ఉదయం 11:48)

ఉంటాయి. చిన్నవాళ్ళు పడిపోయిన ఏడాదికి సవరణ పైకి పోయింది, ఆ దిశ గురించే నా అనుమానం. మీరు ఒప్పుకోకపోయినా ఫర్వాలేదు, నా పాత సహోద్యోగులు కూడా ఒప్పుకోరు.

సుజాత_నల్లకుంట (సోమవారం, రాత్రి 10:15)

పద్మజగారు చెప్పిన సమయ వినియోగ సర్వే గురించి వెతికాను. 2024లో మళ్ళీ చేశారట, ఆడవాళ్ళు 289 నిమిషాలు, మగవాళ్ళు 88. పిల్లల్ని చూడటం ఇందులో లేదు, అది వేరే వరుస. పైగా ఇది ఇంటి పని చేసినవాళ్ళ సగటు. 2019లో సర్వే అడిగిన రోజున అసలు ఇంటి పని చేశామన్న మగవాళ్ళు నూటికి 26 మందే.

తెల్లవారుజామున 4 నుంచి మర్నాడు 4 దాకా, అరగంటకు ఒక గడి చొప్పున ఏం చేశారో అడుగుతారట. అదే పట్టిక మా ఇంట్లో గీసి ఇవాళ నింపాం, నేనూ, మా ఆయనా, అత్తయ్యా. నాకు మూర్తిగారితో ఒక సందేహం. పొద్దున 7 నుంచి 7:30 గడిలో నేను టిఫిన్ బాక్సులు సర్దాను, పాపకు తినిపించాను, ఆఫీసు ఫోను కూడా మాట్లాడాను. ఏది రాయాలి?

మూర్తి_విశ్రాంత (మంగళవారం, ఉదయం 6:10)

పది నిమిషాలు, అంతకుమించి చేసినవి అన్నీ రాసుకుంటారు. అందులో ఏది ముఖ్యమైన పని అని మిమ్మల్నే అడిగి దానికి గుర్తు పెడతారు. ఒకటే గుర్తు.

సుజాత_నల్లకుంట (మంగళవారం, ఉదయం 7:35)

ఫోనుకే గుర్తు పెట్టాను. రాసేటప్పుడు ఆలోచించలేదు, చేయి అటే పోయింది.

అత్తయ్య పట్టికలో అయితే 4:30 నుంచి 10 దాకా ఒకే మాట ఉంది, "ఖాళీగానే ఉన్నాను". ఆ ఐదున్నర గంటల్లో ఆవిడ పాలు కాచింది, పూలు కోసింది, పాపకు స్నానం చేయించింది, పప్పు నానబోసింది, నాకు జడ కూడా వేసింది. ఇవన్నీ మళ్ళీ ఆవిడను అడిగి గడి గడికీ రాయిస్తున్నాను. "దీన్ని కూడా రాయాలా" అని నవ్వుతోంది.